తెర మీద మూడు చీరలు, లెక్కలో పన్నెండు

మా పిన్నిది మంగళగిరి. ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి. నిజాం అంచు నూలు చీరలు నేయించి కొన్నాళ్లుగా ఒక ఆన్‌లైన్ మార్కెట్‌లో అమ్ముతోంది. అమ్మేవాళ్లు సరుకు పెట్టుకునే, ఆర్డర్లు చూసుకునే డ్యాష్‌బోర్డు మాత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది. పిన్ని తెలుగు గడగడా చదువుతుంది. ఇంగ్లీషు మాత్రం కూడబలుక్కోవాలి. అందుకని ఫోన్‌లో క్రోమ్ తెరిచి, పేజీని తెలుగులోకి మార్చే ఏర్పాటు పెట్టుకుంది.

ఒకరోజు మగ్గం మీంచి కొత్త చీర దిగింది. అదే రకం చీరలు తెర మీద మూడు ఉన్నాయి కాబట్టి నాలుగు చేయాలని పక్కనున్న `+` గుర్తు నొక్కింది. అంకె కదల్లేదు. మళ్లీ నొక్కింది. సిగ్నల్ సరిగా లేదేమోనని వాకిట్లోకి వచ్చి ఇంకొన్నిసార్లు నొక్కింది. తెర మీద మూడే. విసుగొచ్చి, సేవ్ చేసి ఫోన్ పక్కన పెట్టేసింది. రెండు రోజుల్లో ఆ చీరకి ఆరు ఆర్డర్లు వచ్చాయి. ఇంట్లో ఉన్నవి నాలుగు. రెండు ఆర్డర్లు తనే రద్దు చేసుకోవలసి వచ్చింది, దాంతో ఖాతా మీద హెచ్చరిక పడింది.

"ఒరేయ్ నాన్నా, నేను మూడే అని చూశాను కదరా, ఆరెట్లా అమ్ముడుపోతాయి?" అని ఫోన్ చేసింది. నేను వెళ్లి అనువాదం తీసేసి పేజీని మళ్లీ తెరిచాను. స్టాక్ ఇంకా ఆరు మిగిలినట్టు ఉంది, ఆర్డరైన ఆరూ కలిపితే పన్నెండు. అంటే పిన్ని తొమ్మిదిసార్లు నొక్కింది. తొమ్మిదిసార్లూ లెక్క పెరిగింది. తెర మాత్రం పాత అంకెనే చూపిస్తూ కూర్చుంది.

ఇది పిన్ని తప్పు కాదు, సిగ్నల్ తప్పూ కాదు. బ్రౌజరు అనువాదం పనిచేసే తీరులోనే దీని మూలం ఉంది. అది అర్థమైతే డ్యాష్‌బోర్డులో ఏ అంకెను నమ్మాలో, ఏది నమ్మకూడదో తెలుస్తుంది.

ఇప్పటి డ్యాష్‌బోర్డులు చాలావరకు రియాక్ట్ లాంటి సాధనాలతో కట్టినవి. అందులో ఒక ప్రోగ్రాం మీ ఫోన్‌లోనే నడుస్తూ, తెర మీద ఏ అంకె ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటుంది. స్టాక్ మారితే పేజీ మొత్తాన్ని మళ్లీ తేకుండా, ఆ ఒక్క ముక్కను మాత్రం దిద్దుతుంది. కిరాణా కొట్టులో ధరల పలక మీద చీటీలు అతికించినట్టు ఊహించుకోండి. కొట్టువాడికి ఏ చీటీ ఎక్కడ అతికించాడో తెలుసు, ధర మారితే ఆ చీటీ మీదే కొట్టేసి రాస్తాడు. బ్రౌజరు అనువాదం ఏం చేస్తుందంటే, ఆ చీటీని పీకేసి, దాని చోట తెలుగులో రాసిన తన చీటీ అతికిస్తుంది. పేజీ లోపల జరిగేది దాదాపు ఇది:

```html
<p>Quantity: 3</p>
<p><font><font>పరిమాణం: 3</font></font></p>
```

మొదటి వరుస అసలుది, రెండోది అనువాదం తర్వాతది. డ్యాష్‌బోర్డు ప్రోగ్రాంకి ఈ మార్పిడి సంగతి తెలియదు. దాని చేతిలో ఉన్నది పీకేసిన పాత చీటీయే. పిన్ని `+` నొక్కగానే అది నిజాయితీగా 4 అని, తర్వాత 5 అని రాసింది. కానీ రాసింది పలక మీద లేని చీటీ మీద. పిన్ని చూస్తున్నది అనువాదం అతికించిన చీటీ, దాన్ని మార్చేవాళ్లు ఎవరూ లేరు. ఒక్కోసారి ఇంతకంటే గట్టిగా తెగుతుంది. ప్రోగ్రాం ఒక చీటీని తీసేయాలనుకుని వెతికితే అది అక్కడ ఉండదు, అప్పుడు పేజీ మొత్తం తెల్లగా అయిపోతుంది. తెల్లతెర నిజానికి మేలు, ఏదో చెడిందని కనిపిస్తుంది. పాత అంకెతో మామూలుగా కనిపించే పేజీయే ప్రమాదం.

అన్ని పేజీల్లోనూ ఇలా జరగదు. రాయడానికి వీలుగా గడి ఉండి అందులో అంకె వేసే పద్ధతైతే అనువాదం గడి లోపలి అంకె జోలికి పోదు. మాటా అంకే ఒకే వరుసలో కలిసి ఉండి, పక్కన బటన్లు ఉన్నచోటే ఎక్కువగా ఈ గొడవ. కనిపెట్టడం కష్టం కాదు. ఏదైనా మార్చాక అనువాదం తీసేసి పేజీని మళ్లీ లోడ్ చేయాలి. అప్పుడు కనిపించే అంకె సర్వర్‌లో ఉన్న అంకె. వెబ్‌సైటు కట్టేవాళ్లు తలుచుకుంటే అంకెలున్న చోట `translate="no"` అని ఒక గుర్తు పెట్టి అనువాదాన్ని ఆపవచ్చు. ఇంత చిన్న పని చేయకపోవడం వల్ల ఎంతమంది చిన్న అమ్మకందార్లు హెచ్చరికలు తిన్నారో అనిపిస్తుంది నాకు.

అంకెల సంగతి అలా ఉంచితే, మాటలదీ ఒక కథే. పిన్ని ఫోన్‌లో `Ship by` అన్నది "ఓడ ద్వారా" అయింది. "చెన్నైకి చీర ఓడలో పంపాలంటరా?" అని నిజంగానే అడిగింది. ఫలానా తేదీలోగా పార్శిల్ కొరియర్‌కి ఇవ్వాలి అన్నది దాని భావం. అనువాద యంత్రం వాక్యాన్ని చూసి అర్థం పట్టుకుంటుంది, ముందూ వెనకా ఉన్న మాటలే దానికి ఆధారం. డ్యాష్‌బోర్డులో వాక్యాలుండవు. ఒక్క మాట, రెండు మాటలు, అంతే. ఆధారం లేనప్పుడు యంత్రం ఆ మాటకి ఎక్కువగా వాడే అర్థాన్ని పెట్టేస్తుంది.

ఓడ అంటే నవ్వుకుని వదిలేయవచ్చు. లిస్టింగ్ దగ్గర పొరపాటు పడితే అలా వదలడానికి లేదు. చీర ఏ బట్టో చెప్పే చోట `Art Silk` అని ఒక ఎంపిక ఉంటుంది. అనువాదంలో అది "కళా పట్టు" అని కనబడితే ఎవరైనా ఏమనుకుంటారు? మంచి పనితనమున్న పట్టు అనుకుంటారు. ఇక్కడ `Art` అంటే కళ కాదు, ఆర్టిఫిషియల్‌కి పొట్టిపేరు. రేయాన్, పాలిస్టర్ లాంటి కృత్రిమ దారం అది. అసలు పట్టు చీరకి ఆ ఎంపిక పెడితే ధర రాదు. కృత్రిమ దారం చీరని పట్టు అని పెడితే కొన్నవాళ్లు తిప్పి పంపుతారు. అలాగే జాకెట్టు ముక్క దగ్గర `Running Blouse` అని ఉంటుంది. చీరతో కలిపే నేసిన ముక్క, కత్తిరించుకుని కుట్టించుకోవాలి అని దాని అర్థం. దాన్ని "నడుస్తున్న" అని తెలుగు చేస్తే ఎవరికి తెలుస్తుంది?

ఎంపికల జాబితాల గురించి ఒక మాట తప్పక చెప్పాలి. వెబ్ పేజీలో జాబితా నుంచి ఎంచుకుంటే, మీకు "పత్తి" అని కనిపించినా సర్వర్‌కి వెళ్లేది సాధారణంగా దాని వెనకున్న కోడు. అందువల్ల తెలుగులో చూస్తూ ఎంచుకున్నా పెద్ద నష్టం లేదు. ఎక్సెల్ షీటు కథ వేరు. యాభై చీరలు ఒకేసారి ఎక్కించడానికి డ్యాష్‌బోర్డు ఒక షీటు ఇస్తుంది. అందులో గడిలో ఏ అక్షరాలుంటే అవే వెళతాయి. అక్కడ ఉండాల్సింది `Cotton` అయితే `Cotton` అనే ఉండాలి. "పత్తి" అన్నా, "కాటన్" అన్నా ఆ వరుస తిరస్కారమే. పిన్ని ఒకసారి షీటునంతా మా పక్కింటి కుర్రాడితో శ్రద్ధగా తెలుగు చేయించుకుని నింపింది. ఒక్క చీర కూడా ఎక్కలేదు. ఇప్పుడు రెండు షీట్లు ఉంచుకుంటోంది. ఒకటి చదువుకోవడానికి తెలుగుది, ఇంకొకటి పంపడానికి ఎవరూ ముట్టుకోని ఇంగ్లీషుది.

ఆర్డర్ల పేజీలో మాటలు పనుల పేర్లు కావు, పార్శిల్ ఎక్కడుందో చెప్పే మజిలీల పేర్లు. ఇది పిన్నికి చెప్పాక చాలా తేలికైంది. `Pending` అంటే ఇంకా ఖరారు కాలేదు, చీర మడత పెట్టనక్కరలేదు. `Ready to ship` అంటే లేబుల్ అంటించి సిద్ధంగా ఉంది. `Shipped` అన్నది మనం ప్యాక్ చేస్తే రాదు, కొరియర్ అబ్బాయి బార్‌కోడ్ స్కాన్ చేస్తేనే వస్తుంది. అతను హడావిడిలో స్కాన్ చేయకుండా సంచిలో వేసుకుపోతే, చీర ఇంట్లో లేకపోయినా లెక్క ప్రకారం మన దగ్గరే ఉన్నట్టు. ఆలస్యం మన ఖాతాలో పడుతుంది. అందుకే పిన్ని ఇప్పుడు గుమ్మంలోనే నిలబెట్టి, "బాబూ, స్కాన్ చేసి చూపించు" అని అడుగుతోంది.

తెలుగులో ఒకటైపోయి డబ్బు దగ్గర రెండుగా విడిపోయే మజిలీలు ఇంకో రెండున్నాయి. `RTO`, `Customer Return`. అనువాదంలో రెండూ "తిరిగి వచ్చింది" అనే అర్థంతోనే కనిపిస్తాయి. మొదటిది కొన్నావిడ తలుపు తీయకో, అడ్రసు దొరక్కో, డబ్బు లేదనో అసలు తీసుకోని పార్శిల్. మన ప్యాకింగ్ విప్పకుండానే రావాలి. రెండోది తీసుకుని, విప్పి చూసి, నచ్చక తిప్పి పంపింది. ఈ రెండోదానికి చాలా మార్కెట్లు వెనక్కి తెచ్చిన చార్జీ మన దగ్గర వసూలు చేస్తాయి. మొదటిదానికి చాలాచోట్ల ఆ చార్జీ ఉండదు. పైగా రెండోదాంట్లో వేరే చీర పెట్టి పంపిన సందర్భాలూ ఉంటాయి. అప్పుడు ఫిర్యాదుకి గడువు కొద్ది రోజులే, సాక్ష్యంగా పార్శిల్ విప్పుతున్న వీడియో కావాలి. లేబుల్ కనపడేలా మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా తీయాలి. ఈ రెండు మాటలు మాత్రం పిన్ని ఇంగ్లీషులోనే నేర్చుకుంది. తెలుగు అక్షరాల్లో "ఆర్‌టీఓ", "కస్టమర్ రిటర్న్" అని గోడ మీద రాసుకుంది.

బ్యాంకు వివరాల పేజీకి వచ్చేసరికి నేను కచ్చితంగా చెప్పేది ఒకటుంది. ఆ పేజీని అనువాదంలో నింపకూడదు. పిన్నికి ఇక్కడే డబ్బు మూడు వారాలు ఆగింది.

మొదట పేరు. `First name`, `Last name` అని రెండు గడులు ఉంటాయి. తెలుగులో "మొదటి పేరు", "చివరి పేరు" అని వచ్చాయి. మన పేర్లలో మొదట వచ్చేది ఇంటిపేరు కదా, పిన్ని మొదటి గడిలో ఇంటిపేరు రాసింది. వాళ్ల వరుసలో `Last name` అంటేనే ఇంటిపేరు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. బ్యాంకు పుస్తకంలో ఒక్క పొడి అక్షరమే ఉంది. బ్యాంకు ఖాతా సరైనదో కాదో తేల్చడానికి మార్కెట్ దాంట్లోకి ఒక రూపాయి పంపుతుంది. ఆ రూపాయితో పాటు ఖాతాదారు పేరు బ్యాంకు నుంచి తిరిగి వస్తుంది. ఆ పేరునీ, మనం రాసిన పేరునీ ఒక ప్రోగ్రాం పోల్చుతుంది. రెండూ తగినంత కలవకపోతే ఖాతా నిర్ధారణ కాదు. మనుషులకి ఒక్కరే అని తెలిసేది, ప్రోగ్రాంకి ఇద్దరుగా కనిపిస్తుంది. దీనికి మందు బ్యాంకులోనే ఉంది. కేవైసీ ఫారం ఇచ్చి, ఖాతాలో పేరుని పాన్‌లో ఉన్నట్టు మార్పించుకోవాలి.

రెండోది `Beneficiary account`. అనువాదం "లబ్ధిదారు ఖాతా" అంది. మన ఊళ్లలో లబ్ధిదారు అంటే ప్రభుత్వ పథకం అందుకునే మనిషి. పిన్ని తడుముకోకుండా పథకం డబ్బులు పడే పాత ఖాతా నంబరు రాసి, పాత పుస్తకంలోని ఐఎఫ్ఎస్‌సీ కోడు ఎక్కించింది. అది ఆంధ్రా బ్యాంకు పుస్తకం. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. `ANDB`తో మొదలయ్యే కోడులు ఇప్పుడు చెల్లవు, వాటి చోట `UBIN`తో మొదలయ్యేవి వచ్చాయి. పథకం డబ్బు ఆధార్ ద్వారా పడుతుంది కాబట్టి కోడు మారిన సంగతి పిన్ని తెలుసుకోవలసిన అవసరమే రాలేదు. ఐఎఫ్ఎస్‌సీలో మొత్తం 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగూ బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా. ఇంగ్లీషు `O` అక్షరం కొట్టడం అందరూ చేసే పొరపాటు. ఖాతా వివరాలు మార్చిన వెంటనే డబ్బు కొన్ని రోజులు ఆపి ఉంచడం కూడా చాలా మార్కెట్ల పద్ధతి. ఎవరైనా దొంగతనంగా ఖాతా మార్చితే అసలు మనిషికి తెలిసే వ్యవధి ఉండాలని. కాబట్టి ఆందోళనలో మళ్లీ మళ్లీ మార్చితే ఆ ఆపు మళ్లీ మొదటికొస్తుంది.

ఇక డబ్బు వచ్చాక. పిన్ని చీర ధర, జీఎస్‌టీతో కలిపి 1,890 రూపాయలు. చెన్నైకి ఒకటి అమ్మితే ఆ చీరకి చేతికొచ్చేది 1,528 రూపాయల 18 పైసలు. మిగతాది ఎక్కడికి పోయిందో స్టేట్‌మెంటులో ఒక్కో వరుసా చదువుదాం. కమిషన్ 189, కొరియర్‌కి 80, స్థిరమైన ఫీజు 30, మొత్తం 299. ఇవి మార్కెట్‌ని బట్టి మారతాయి. ఈ ఫీజుల మీద 18 శాతం జీఎస్‌టీ, 53.82. ఆ తర్వాత `TCS` అని 9 రూపాయలు. చీర ధరలో 5 శాతం పన్ను తీసేస్తే అసలు విలువ 1,800, దాని మీద అర శాతం. 2024 జులై 10కి ముందు ఇది ఒక శాతం ఉండేది.

పిన్ని ఆ 9 రూపాయలనీ ఫీజనే అనుకుంది. కాదు. అది మన పేరు మీద మార్కెట్ ప్రభుత్వానికి కట్టిన డబ్బు. తర్వాతి నెల 10వ తేదీలోగా మార్కెట్ తన రిటర్ను వేశాక, జీఎస్‌టీ పోర్టల్‌లో `TDS and TCS credit received` అనే చోట కనిపిస్తుంది. మనం చూసి అంగీకరిస్తే మన నగదు లెడ్జరులోకి చేరుతుంది. కట్టాల్సిన పన్నుకి వాడుకోవచ్చు. అంగీకరించకపోతే అక్కడే పడి ఉంటుంది. చీర మీద వసూలైన 90 రూపాయల జీఎస్‌టీ మాత్రం మనమే కట్టాలి. ఫీజుల మీద పడిన 53.82ని అందులోంచి తగ్గించుకోవచ్చు. `TDS` అనే వరుస పిన్ని స్టేట్‌మెంటులో సున్నా. అది ఆదాయపు పన్నుది, 2024 అక్టోబరు నుంచి 0.1 శాతం. పాన్ ఇచ్చిన వ్యక్తికి ఏడాదిలో ఆ మార్కెట్ మీద అమ్మకం 5 లక్షలు దాటకపోతే పట్టుకోరు.

ఇంతవరకూ పిన్ని పట్టుకుంది. గొడవ వచ్చింది ఒక వారం. మూడు చీరలు అమ్మింది, మూడూ బయటి రాష్ట్రాలకే. మూడు సార్లు 1,528.18 అంటే 4,584.54 రావాలి. బ్యాంకులో పడింది 2,808.56. "నన్ను మోసం చేశార్రా" అంది. స్టేట్‌మెంటులో నాలుగో వరుస ఒకటుంది, మైనస్ గుర్తుతో. రెండు వారాల కిందట అమ్మిన బెంగళూరు చీర తిరిగి వచ్చింది. కొన్నావిడకి 1,890 వాపసు ఇచ్చారు. కమిషన్ 189, దాని మీది పన్ను 34.02, టీసీఎస్ 9 మనకి తిరిగి ఇచ్చారు. పంపిన చార్జీ, స్థిరమైన ఫీజు ఇవ్వలేదు. వెనక్కి తెచ్చినందుకు పన్నుతో కలిపి 118 తీసుకున్నారు. మొత్తం మైనస్ 1,775.98. 4,584.54లోంచి అది పోతే పడిన మొత్తం సరిగ్గా తేలింది. ఆ చీరకి ఇంతకుముందే 1,528.18 చేతికొచ్చింది, చీరా ఇంటికొచ్చింది కాబట్టి నిజమైన నష్టం 247 రూపాయల 80 పైసలు. వారం మొత్తం మీద పోయిందనుకున్న 1,776 కాదు.

స్టేట్‌మెంటులో తేదీలు అమ్మిన రోజువి కావు, డబ్బు లెక్క కట్టిన రోజువి. తిప్పి పంపే గడువు అయ్యేదాకా మార్కెట్ డబ్బు ఆపుతుంది. గడువులోనే తిప్పి పంపినా, మార్కెట్ దాన్ని పరిశీలించి లెక్క వేసేసరికి ఇంకో వారంలోకి పోతుంది. అందుకని తేదీతో కలపాలని చూస్తే ఎప్పటికీ కలవదు. కలపాల్సింది ఆర్డరు నంబరుతో. అది ఏ భాషలోనూ మారదు. మొత్తాన్ని బ్యాంకుతో కలపడానికి `UTR` నంబరు. నెఫ్ట్‌లో అయితే అది 16 అక్షరాలు, బ్యాంకు స్టేట్‌మెంటులోనూ అదే కనిపిస్తుంది.

పిన్ని ఇప్పుడు నోటుపుస్తకంలో ఐదు గడులు గీసుకుంది. ఆర్డరు నంబరు, మజిలీ, రావలసింది, వచ్చింది, యూటీఆర్. ఆర్‌టీఓ అయితే పక్కన నీలం సున్నా, కస్టమర్ రిటర్న్ అయితే ఎరుపు సున్నా పెడుతుంది. నెలకొకసారి పోర్టల్ తెరిచి టీసీఎస్ అంగీకరించమని నన్ను పిలుస్తుంది. మొన్న వెళితే పుస్తకంలో ఒక వరుస ఖాళీగా ఉంది. "ఈ తొమ్మిది రూపాయలు ఇంకా రాలేదు నాన్నా, 10వ తేదీ దాటింది కదా, చూడు" అంది.